ఆ పసుపు ఎవరిది?

సూరత్‌లోని పాండేసరలో సోడియం లేని చోటు వెతకడం కష్టం. జీఐడీసీలోని డైయింగ్ మిల్లుల్లో కాస్టిక్ సోడా డ్రమ్ములు వరసగా ఉంటాయి. పాలియెస్టర్ బట్టకు ముదురు రంగు వేశాక పైన మిగిలిపోయిన రంగును కడగడానికి కాస్టిక్‌తో పాటు హైడ్రో వాడతారు. ఆ హైడ్రో కూడా సోడియం లవణమే. ఉతికే సోడా, వంటింటి ఉప్పు, మన చేతి చెమట, అన్నిట్లోనూ అదే. అరేబియా సముద్రం దగ్గరే కాబట్టి వానాకాలపు గాలిలోనూ కొంత ఉప్పు ఉంటుంది. ఇలాంటి ఊళ్లో ఒక పిల్ల ప్రయోగశాలలో బర్నర్ ముందు నిలబడి, మంట పసుపుగా మారగానే "సోడియం" అని రాసేస్తే నాకు కంగారు పుడుతుంది. పసుపు వచ్చిన మాట నిజం. అది ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందిది తెలంగాణ. సాంచాల పని కోసం వచ్చి సూరత్‌లో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు కొందరు కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడుల్లో అక్షరాలు నేర్చుకుని, తరవాత గుజరాతీలోకో హిందీలోకో ఇంగ్లీషులోకో మారతారు. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు జ్వాలా పరీక్ష అన్నా తెలుసు, జ్యోత్ కసోటి అన్నా తెలుసు, ఫ్లేమ్ టెస్ట్ అన్నా తెలుసు. పేరు మూడు భాషల్లో వచ్చినా మంటను చదవడం మాత్రం వాళ్లకు ఎవరూ ఒక్కసారి కూడా సరిగా నేర్పి ఉండరు. ఈ అధ్యాయం దాని గురించే.

ఒక రోజు జరిగింది చెబుతాను. పన్నెండో తరగతి అమ్మాయికి తెల్లటి పొడి ఇచ్చి, అందులోని లోహాన్ని కనుక్కోమన్నాను. ఆమె తీగను తడిపి పొడిలో అద్ది మంటలో పెట్టింది. మంట బంగారు రంగులోకి తిరిగింది.

"టీచర్, పసుపొచ్చింది. సోడియమే గదా?"

"ఎంతసేపు ఉంది?"

"ఎంతసేపంటే... జెర్రసేపు ఉండి పోయింది టీచర్."

"పొడి లేకుండా ఉత్త తీగను పెట్టి చూశావా?"

చూడలేదు. చూడమన్నాను. ఉత్త తీగ కూడా అదే పసుపు ఇచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది కానీ, ఆ రోజు ఆమె నేర్చుకున్న మొదటి సంగతి అదే. పొడిని అడిగాననుకుంది, జవాబు మాత్రం తీగ చెప్పింది.

ముందు ఉత్త తీగ మాట్లాడాలి

మా బడిలో ప్లాటినం తీగ లేదు. చాలా బడుల్లో ఉండదు, ధర అలాంటిది. నిక్రోమ్ తీగ సరిపోతుంది. దాని చివరను సూది కొన మీద ఒక చుట్టు చుట్టి చిన్న ఉంగరం చేయండి. రెండు వాచ్ గ్లాసులు తీసుకోండి. ఒక్కోదాంట్లో నాలుగైదు చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. ఒకటి తీగ కడగడానికి, రెండోది పొడి కలపడానికి. ఈ రెండూ కలవకూడదు. తీగను నేరుగా ఆమ్లం సీసాలో ముంచే అలవాటు కొందరికి ఉంటుంది. ఒక్కరు అలా చేసినా సీసా అంతా సోడియంతో చెడిపోతుంది, ఆ తరవాత తరగతిలో అందరి మంటా పసుపే.

బర్నర్ గాలి రంధ్రం పూర్తిగా తెరవండి. మూసి ఉంటే గ్యాసు సరిగా మండక మసి కణాలు ఎర్రగా కాలి మెరుస్తాయి. ఆ వెలుగు కూడా పసుపే, కొవ్వొత్తి పసుపు. సోడియానికీ దానికీ సంబంధం లేదు. నీలి మంట గుయ్‌మని చప్పుడు చేస్తూ నిలకడగా ఉన్నాకే పని మొదలుపెట్టాలి. స్పిరిట్ దీపంతో నెట్టుకొచ్చే బడులు ఉన్నాయని తెలుసు. ఆ మంటకు వేడి తక్కువ, పైగా దానికే కొంత పసుపు ఉంటుంది. దాని మీద సోడియం, రాగి వరకు నమ్మండి, పొటాషియం గురించి తీర్పు చెప్పకండి.

ఇప్పుడు తీగను కడిగే ఆమ్లంలో ముంచి, మంట బయటి అంచున, అడుగునుంచి కొంచెం పైకి పట్టుకోండి. పసుపు వస్తుంది. తీయండి, కాస్త చల్లారనిచ్చి మళ్లీ ముంచండి, మళ్లీ కాల్చండి. ఎర్రగా కాలిన తీగను ఆమ్లంలో పెడితే చిమ్ముతుంది, అందుకే చల్లారడం ముఖ్యం. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయనివ్వను. నాలుగైదు సార్లకో, పాత తీగ అయితే ఎనిమిది పది సార్లకో పసుపు దాదాపు పోతుంది.

"దాదాపు" అన్నాను, గమనించండి. నిక్రోమ్ తీగ మీద పసుపు పూర్తిగా మాయమవడం అరుదు. ఒక సెకను మెరుపు ఉండిపోతుంది. అది తప్పు కాదు, దాన్ని రాసుకోకపోవడం తప్పు. నోటుబుక్కులో "ఉత్త తీగ: లేత పసుపు, ఒక సెకను" అని రాయండి. ఇక మీదట పొడి ఇచ్చే పసుపును దీనితోనే పోల్చాలి. ఇంకో మాట. తీగ స్వయంగా కాలి నారింజ రంగులో మెరుస్తుంది. కొత్తవాళ్లు ఆ మెరుపును మంట రంగు అనుకుంటారు. చూడాల్సింది తీగను కాదు, తీగకు పైన మంట ఎటు సాగుతుందో ఆ చోటును.

తీగ దొరకనప్పుడు గాజు కడ్డీతో కానిచ్చేద్దాం అనుకోకండి. మామూలు గాజును తయారు చేసేదే సోడాతో. అది వేడెక్కిందంటే దాని సొంత సోడియమే మంటను నింపేస్తుంది, మీరు ఎంతసేపు కడిగినా తగ్గదు. తీగ నడి మీద వేలు తగిలినా చెమట అంటుకుని అదే పని చేస్తుంది. పిడిని పట్టుకోండి, తీగను కాదు.

ఇంత పిసరు సోడియం ఇంత పసుపు ఎలా ఇస్తుంది?

ఇది తెలిస్తే పై జాగ్రత్తలు చాదస్తం అనిపించవు. సోడియం పరమాణువులో బయటి ఎలక్ట్రాన్ ఒక్కటే. మంట వేడికే అది పై మెట్టు ఎక్కుతుంది, దిగేటప్పుడు కాంతి విడుస్తుంది. ఆ కాంతి 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే రెండు గీతలు. ఎక్కడం సులువు, దిగినప్పుడు వచ్చేది గట్టి వెలుగు, పైగా మన కన్ను బాగా చూడగలిగే పసుపు మేరలోనే పడుతుంది. ఈ మూడూ ఒకచోట కలిసినందువల్ల అణువంత ఉప్పు కూడా మంటంతా తనదే అన్నట్టు కనిపిస్తుంది.

జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ దీన్ని 1860లో కొలిచి చూపించారు. గదిలో ఒక మూల మూడు మిల్లీగ్రాముల సోడియం క్లోరేటును పాల చక్కెరతో కలిపి మండించి, మరో మూల ఉన్న బర్నర్ మంటను వర్ణపటదర్శినిలో చూశారు. కొన్ని నిమిషాలకు సోడియం గీత వెలిగింది. గది పరిమాణాన్ని బట్టి లెక్క కట్టి, ఒక మిల్లీగ్రామును 30 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కన్నా తక్కువ సోడియం లవణం కూడా కనిపిస్తుందని తేల్చారు. పాండేసరలో కిటికీ తెరిచి ఉన్న ప్రయోగశాలలో ఉత్త తీగ ఎందుకు మెరుస్తుందో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

పొటాషియం కథ దీనికి ఎదురు. దాని ముఖ్యమైన గీతలు 766, 770 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఎరుపు అంచు దాటబోయే చోటు అది, కంటికి అక్కడ చూపు దాదాపు ఆనదు. ఇంకో గీత 404 దగ్గర, ఊదా అంచున. ఈ రెండు అంచులూ కలిసి పలచని వంగపూవు రంగుగా తోస్తాయి. పొడిలో పొటాషియం బోలెడంత ఉండి సోడియం చిటికెడే ఉన్నా గెలిచేది పసుపే. ఓడిపోయేది పొటాషియం కాదు, మన కన్ను.

ఆ అమ్మాయి పొడి

ఆమె తీగను కడిగింది, ఈసారి ఓపిగ్గా. ఉత్త తీగ ఒక సెకను లేత పసుపుకు వచ్చింది. అప్పుడు పొడిని ఉత్తగానే అద్ది పెట్టింది. మళ్లీ ఒక సెకను లేత పసుపు, ఇంకేమీ లేదు. అంటే మొదట చూసింది పొడిది కాదు.

చాలామంది ఇక్కడ "రంగు లేదు" అని రాసి ముగిస్తారు. నేను రెండో వాచ్ గ్లాసును చూపించాను. బియ్యపు గింజలో సగమంత పొడి వేసి, రెండు చుక్కల గాఢ ఆమ్లం కలిపి ముద్ద చేయమన్నాను. ఆమ్లం తగలగానే బుసబుస పొంగింది. ఆమె నావైపు చూసింది, కార్బొనేట్ అని అర్థమైంది. ఆ ముద్దను తీగ ఉంగరంలో తీసుకుని మంట అంచున పెట్టింది. మొదటి రెండు మూడు సెకన్లు ఇటుక పొడి రంగులో, ఎరుపూ నారింజా కలిసిన పాయలు చిమ్మాయి. తరవాత లేత పసుపు మిగిలింది. పొడి కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద.

మొదట ఎందుకు రంగు రాలేదు? సుద్ద ఆ వేడికి ఆవిరై మంటలోకి వెళ్లదు. మంట రంగు మారాలంటే లోహం ఆవిరిగా మంటలో కలవాలి. ఆమ్లం సుద్దను కాల్షియం క్లోరైడుగా మార్చింది, క్లోరైడు కొంత సులువుగా ఆవిరవుతుంది. ఆమ్లం తీగను కడగడానికే అనుకునే పిల్లలు ఈ రెండో పనిని పోగొట్టుకుంటారు. ముద్ద ఎండిపోతే మళ్లీ ఒక చుక్క ఆమ్లంలో అద్ది పెట్టండి, రంగు తిరిగి వస్తుంది.

కాల్షియాన్ని సోడియంగా పొరబడడం నేను ఏటా చూసే తప్పు. దూరం నుంచి చూస్తే నారింజ, పసుపు ఒకే ఇంటివాళ్లలా ఉంటాయి. తేడా కాలంలో ఉంది. కాల్షియం చిమ్మి ఆగిపోతుంది, మొదటి క్షణాల్లో కన్ను అక్కడ లేకపోతే మిగిలేది సోడియం మురికి ఇచ్చే పసుపే. అసలు సోడియం లవణం అయితే మంట మొత్తం ముద్దబంతి రంగులో నిండుతుంది, పొడి తీగ మీద ఉన్నంతసేపూ తగ్గదు. బేరియం తీరు మరోలా ఉంటుంది. మొదట ఏమీ కనిపించదు, బాగా కాలాక లేత పచ్చిమామిడి లాంటి ఆకుపచ్చ మెల్లగా వచ్చి నిలుస్తుంది. తొందరపడి తీగను తీసేస్తే బేరియం ఉన్నా లేనట్టే. అందుకే ఒకరు తీగ పట్టుకుంటే ఇంకొకరు సెకన్లు లెక్కపెట్టమంటాను. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నవి రంగు పేరుకన్నా ఎక్కువ చెబుతాయి.

ఎన్‌సీఈఆర్‌టీ ప్రయోగశాల పుస్తకంలో లవణ విశ్లేషణకు ఇచ్చే లోహాల జాబితా ఒకసారి తీసి చూడండి. అందులో సోడియం లేదు. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నాయి. ఈ మూడూ బర్నర్ మంటకు చెప్పుకోదగ్గ రంగు ఇవ్వవు. కాబట్టి ఆ పరీక్షలో జింకు లవణం అందుకున్న పిల్లకు కనిపించే పసుపంతా తీగదీ వేళ్లదీ గాలిదీ. "సోడియం" అని రాస్తే తప్పు, "లోహం లేదు" అనుకున్నా తప్పు. "మంటకు ప్రత్యేకమైన రంగు లేదు, ఉత్త తీగతో సమానమైన పసుపు" అని రాసి తరవాతి పరీక్షలకు వెళ్లాలి.

పసుపు వెనక ఏముంది?

ఇప్పుడు అసలు చిక్కు. పొడిలో నిజంగానే సోడియం ఉంది, దాని చాటున ఇంకేదో కూడా ఉంది. దీనికి ఒక ఇంటి వస్తువు బాగా పనికొస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్ల కోసం సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లు అంగళ్లలో దొరుకుతాయి. వాటిలో సోడియం క్లోరైడుకు బదులు కొంత పొటాషియం క్లోరైడు కలుపుతారు. ఒక అబ్బాయి వాళ్ల నాన్న వాడే ప్యాకెట్ నుంచి చెంచాడు తెచ్చాడు.

మామూలు కంటికి మంట నిండా పసుపు. రెండో వాచ్ గ్లాసులో వంటింటి ఉప్పు పెట్టి చూసినా అదే పసుపు, కంటితో రెండింటికీ తేడా చెప్పలేం. అప్పుడు కోబాల్ట్ నీలి గాజును అందించాను. దాన్ని కంటికీ మంటకూ మధ్య పట్టుకోవాలి. కొందరు మంట వెనక పెడతారు, అలా పెడితే ఏమీ జరగదు. ఈ గాజు పసుపును మింగేస్తుంది, నీలాన్నీ ఎరుపు చివరి అంచునూ వదులుతుంది. ఇందాక పొటాషియం వెలుగు రెండు అంచుల్లో ఉందన్నాను గదా, గాజు సరిగ్గా ఆ రెండు తలుపులే తెరుస్తుంది.

గాజులోంచి వంటింటి ఉప్పు మంట: పసుపు మాయం, మసక నీలం మాత్రమే. ప్యాకెట్ ఉప్పు మంట: మొదటి రెండు మూడు సెకన్లు గులాబీ కలిసిన ఊదా నాలుక ఒకటి లేచింది. "కనిపించింది!" అని అరిచాడు వాడు. తరవాత ఒట్టి పొటాషియం క్లోరైడు పెట్టి చూపించాను. అదే ఊదా, ఇంకొంచెం ఎక్కువ. ఈ మూడు మంటలూ వరసగా చూశాకే వాడు "పొటాషియం ఉంది" అని రాశాడు. ఒక్క మంటను చూసి రాసి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఈ గాజుకు హద్దులు ఉన్నాయి. పలచని గాజు అయితే గట్టి సోడియం మంట నుంచి కొంత వెలుగు దాటి వస్తుంది, అప్పుడు రెండు పలకలు కలిపి పట్టుకోవాలి. బజారులో దొరికే ఏ నీలి గాజైనా, నీలి ప్లాస్టిక్ కాగితమైనా పనికిరాదు. అవి ఎరుపు అంచును కూడా ఆపేయవచ్చు, అప్పుడు పొటాషియం ఉన్నా కనపడదు. మీ గాజు మంచిదో కాదో తెలియాలంటే ముందు తెలిసిన పొటాషియం క్లోరైడుతో చూడండి. అది ఊదాగా కనపడకపోతే ఆ గాజుతో ఏ నిర్ణయమూ చేయకండి. ఇతర లోహాలు ఈ గాజులోంచి వేషం మారుస్తాయి. కాల్షియం ఇటుక ఎరుపు ఆకుపచ్చగా, స్ట్రాన్షియం కుంకుమ ఎరుపు ఊదాగా కనిపిస్తాయి. అందువల్ల గాజులో ఊదా చూసి వెంటనే పొటాషియం అనకూడదు. గాజు తీసి చూసినప్పుడు ఎర్రగా మండుతుంటే అది స్ట్రాన్షియం.

ఎంత పొటాషియం ఉందన్నది ఈ పరీక్ష చెప్పదు. అబ్బాయి ఆ ప్రశ్నే అడిగాడు. దానికి ప్యాకెట్ మీది ముద్రణే ఆధారం. ఇంకొకటి కూడా చెప్పి పంపాను, మీకూ చెబుతున్నాను. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ పొటాషియం ఉప్పును డాక్టరును అడగకుండా వాడకూడదు. ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండెకు ప్రమాదం.

చిందీ పరీక్ష

కోబాల్ట్ గాజు లేని బడిలో, ఈ పసుపు సోడియానిదా మసిదా అని తేల్చుకోవడానికి నేను పాండేసరకే తగిన ఒక పద్ధతి వాడతాను. ఇక్కడ ప్రింటు బట్ట ముక్కలకు కొదవ లేదు. వాటిని చిందీ అంటారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అన్నీ ఉన్న ముక్కను ఎంచుకుని అట్టకు అంటించండి. కిటికీలు మూసి గదిని బాగా చీకటి చేయండి. మంటలో ఉప్పు ముద్ద పెట్టి నిండు పసుపు తెప్పించి, ఆ వెలుగులో చిందీని చూడండి. అట్టను మంటకు ఒక మీటరు దూరంలో ఉంచాలి, పాలియెస్టర్ మంటకు దగ్గరైతే కరిగి అంటుకుంటుంది.

చిందీ మీది రంగులన్నీ చచ్చిపోతాయి. ఎరుపు గోధుమ మసకగా, నీలం నల్లగా, పసుపూ తెలుపూ ఒకేలా కనిపిస్తాయి. అమ్మ ఎంతో ఇష్టపడి కొన్న చీర రంగులు ఒక్కసారిగా పాత ఫొటోలా అయిపోయాయని ఒక పిల్ల అంది. కారణం తేలికే. సోడియం వెలుగులో ఒకే ఒక్క రంగు ఉంది. ఎర్ర బట్ట ఎర్రగా కనపడాలంటే దాని మీద ఎరుపు పడాలి, ఆ వెలుగులో ఎరుపే లేదు. ఇప్పుడు ఉప్పు తీసేసి, గాలి రంధ్రం మూసి మసి పసుపు మంట తెప్పించి చూడండి. రంగులు కొంచెం వెచ్చగా అయినా అన్నీ తిరిగి వస్తాయి. మసి వెలుగులో ఎరుపు నుంచి నీలం దాకా అన్నీ ఉంటాయి కాబట్టి. రెండు మంటలూ కంటికి పసుపే. చిందీకి మాత్రం వేరువేరు. దీనితో సోడియం చాటున దాగిన పొటాషియాన్ని పట్టుకోలేం, ఈ పరీక్ష మేర అంతవరకే.

ఇంకొంచెం ముందుకు పోదలిస్తే పాత సీడీ ముక్క ఒకటి చాలు. దాని గాడులు 1.6 మైక్రోమీటర్ల ఎడంతో ఉంటాయి, కాంతిని విడగొట్టడానికి అది సరిపోతుంది. అట్టపెట్టెకు ఒక పక్క సన్నని చీలిక, లోపల ఏటవాలుగా సీడీ, పైన చూడడానికి కన్నం. మసి మంటను చూస్తే హరివిల్లు పరుచుకుంటుంది. సోడియం మంటను చూస్తే చీకట్లో ఒకే ఒక్క పసుపు గీత. దీన్ని సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి.

ఒకే ఒక్క పసుపు గీత చూసినా సోడియం అని ప్రమాణం చేయలేని సందర్భం ఒకటి ఉంది, అది మన నేల మీదే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో ఎదురుచూశారు. ఆనాటి గ్రహణంలో సూర్యుడి అంచున లేచిన జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి, వాటిలో పసుపు గీత ఒకటి. చూసినవాళ్లలో కొందరు దాన్ని సోడియం గీతే అనుకున్నారు. అలా అనుకోవడం సహజం కూడా, అప్పటికి ఆ చోట తెలిసిన పసుపు అదొక్కటే. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పట్టుకుని, సోడియం గీతల పక్కన పెట్టి కొలిచాడు. అది సోడియం చోట లేదు, కొద్దిగా పక్కకు, 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది. రెండు నానోమీటర్లు కూడా లేని ఆ తేడాలోంచే హీలియం బయటపడింది. భూమి మీద అది రామ్సేకి దొరికింది 1895లో.

లాకియర్ చేసింది, ఆ అమ్మాయి చేయనిది ఒకటే పని. తెలిసిన సోడియాన్ని పక్కన పెట్టి పోల్చడం.

నోటుబుక్కులో ఏం రాయాలి?

మా పిల్లలతో ఒక్కో పొడికి నాలుగు వరసలు రాయిస్తాను. ఉత్త తీగ ఏ రంగు, ఎన్ని సెకన్లు. పొడి మామూలు కంటికి ఏ రంగు, ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది. నీలి గాజులోంచి ఏ రంగు. తెలిసిన ఏ లవణంతో పోల్చారు. లోహం పేరు ఈ నాలుగూ నిండాకే.

రంగు పేర్లు మీకు తెలిసిన వస్తువులతో రాసుకోండి: ముద్దబంతి, ఇటుక పొడి, వంగపూవు. రాగి మంటకు నెమలి మెడ అని ఒకడు రాశాడు. అంచున ఆకుపచ్చ, నడుమ నీలం, అంతకన్నా బాగా నేను చెప్పలేను. పరీక్ష పేపరులో పుస్తకం మాట రాయండి, మీ సొంత పేజీలో మీ మాట. కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఇటుక ఎరుపునూ బేరియం ఆకుపచ్చనూ పదేపదే తారుమారు చేసే పిల్లవాణ్ణి తిట్టకుండా, కంటి డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి. ప్రయోగంలో రంగు చెప్పే పని జతగాడికి ఇచ్చి, సెకన్లు లెక్కపెట్టడం, సీడీ పెట్టెలో గీత ఎక్కడ ఉందో గుర్తించడం అతనికి ఇవ్వండి.

ఒక్క పని మాత్రం చేయవద్దు. పళ్లెంలో మిథనాల్ పోసి, అందులో లవణాలు కలిపి పెద్ద పెద్ద రంగుల మంటలు చూపించే ప్రదర్శన ఒకటి ఉంది. మంట ఆరిందనుకుని సీసాతో మళ్లీ పోసినప్పుడు సీసాలోని ఆవిరి అంటుకుని ముందు వరసలోని పిల్లలు కాలిన ప్రమాదాలు అమెరికా బడుల్లో జరిగాయి. మిథనాల్ మంట వెలుతురులో సరిగా కనపడదు కూడా. తీగ ఉంగరంలో పట్టే ముద్ద చాలు.

ఆ అమ్మాయి నోటుబుక్కు నా దగ్గర కొన్నాళ్లు ఉంది. సుద్ద పేజీలో మొదట "సోడియం" అని రాసి, చెరపకుండా ఒక గీత కొట్టింది. పక్కన చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఉత్త తీగ, ఒక సెకను పసుపు. పొడి ఉత్తగా, అంతే. ఆమ్లంతో, పొంగింది. మూడు సెకన్లు ఇటుక రంగు, గాజులోంచి ఆకుపచ్చ. కాల్షియం క్లోరైడుతో పోల్చాను, అదే."